అనారోగ్యంతో ముందే రిటైరవుతున్న సహోద్యోగికి వీడ్కోలు మాటలు రాయడం ఎలా?

రిటైర్మెంట్ సభల్లో వాడే మాటలన్నీ వయసును దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. ‘సుదీర్ఘ సేవలు’, ‘శేష జీవితం’, ‘ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి’, ‘ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలి’. సర్వీసంతా పూర్తిచేసుకుని వెళ్లేవాళ్లకి వీటితో ఏ ఇబ్బందీ లేదు. ఇంకా కొన్నేళ్లు పని చేయాల్సి ఉండగా ఒంట్లో బాగోక తప్పుకుంటున్న మనిషికి మాత్రం ఇవే మాటలు వేరేగా వినిపిస్తాయి. ‘శేష జీవితం’ అనగానే ఆ శేషం ఎంత అన్న లెక్క మనసులోకి వస్తుంది. ‘విశ్రాంతి’ అంటే డాక్టరు తీసుకోమన్న విశ్రాంతే గుర్తొస్తుంది. రాసినవాళ్లు జబ్బు ఊసెత్తకపోయినా చదివే మనిషికి ప్రతి వాక్యంలోనూ అదే కనబడుతుంది.

అందుకే అనారోగ్యం గురించిన ముక్క కొట్టేస్తే పని అయిపోదు. కొట్టేసిన చోట వాళ్ల పని గురించి రాయాలి. అనారోగ్యం నిర్ణయించింది వాళ్లు వెళ్లే తేదీని మాత్రమే. ఇన్నేళ్లూ ఆ కుర్చీలో కూర్చుని వాళ్లు ఏం చేశారు, దానివల్ల మీకేం ఒనగూడింది అన్నదానితో జబ్బుకి సంబంధమే లేదు. మీరు రాయాల్సింది దాని గురించి. కార్డు మీద రాసే అయిదారు వాక్యాలను ముందు వివరంగా చూద్దాం. సభలో మాట్లాడడానికీ, ఆఫీసు మెయిల్‌కీ అదే పద్ధతి కొద్ది మార్పులతో పనికొస్తుంది.

మొదటి పని: ఎవరికి ఎంత తెలుసో కనుక్కోండి

తమ ఆరోగ్యం సంగతి ఆ సహోద్యోగి ఎవరెవరికి చెప్పారో ముందు తెలుసుకోండి. మీతో చెప్పారంటే అందరితో చెప్పినట్టు కాదు. బాగా దగ్గరివాళ్లకి జబ్బు పేరు తెలిసి ఉంటుంది. పక్క సెక్షన్ వాళ్లకి ‘ఒంట్లో బాగోలేదట’ అన్నంతవరకే తెలుసు. కొత్తగా చేరినవాళ్లకి అదీ తెలియకపోవచ్చు. కార్డు మాత్రం అందరి చేతుల్లోంచీ వెళ్తుంది. వాళ్లలో అందరికంటే తక్కువ తెలిసిన మనిషి చదివినా కొత్త సంగతేమీ బయటపడకూడదు. రాయడానికి ఇదే హద్దు.

వీడ్కోలు ఏర్పాట్లు చూస్తున్నది మీరే అయితే నేరుగా అడిగేయడం మంచిది. ఇలా అడగొచ్చు:

> మేడమ్, గురువారం సాయంత్రం అందరం కలుద్దామనుకుంటున్నాం. మీ పని గురించే మాట్లాడాలని మా ఉద్దేశం. ఆరోగ్యం సంగతి ఎవరూ ఎత్తకుండా చూడమంటారా, ఒక మాట అన్నా ఫర్వాలేదా?

ఇందులో రెండు దారులూ వాళ్ల ముందు పెట్టారు కాబట్టి ఏదో ఒకటి ఎంచుకోవడం తేలిక. ‘మీకెలా ఉంటే బాగుంటుంది మేడమ్?’ అని వదిలేస్తే మొహమాటానికి ‘మీ ఇష్టం’ అంటారు, మీరు మళ్లీ మొదటికొస్తారు. అడిగేంత చనువు లేకపోతే ఆరోగ్యం మాట అసలు లేకుండా రాసేయండి. ఆ మాట లేదని బాధపడేవాళ్లని నేను చూడలేదు. ఉన్నందుకు ముఖం చిన్నబోయినవాళ్లని చూశాను.

సంతాపంలా వినిపించే మాటల్ని ఏరేయండి

మన భాషలో వీడ్కోలు మాటలూ, సంతాపం మాటలూ చాలావరకు ఒక్కటే. ‘మీరు లేని లోటు తీరనిది’, ‘మీ సేవలు చిరస్మరణీయం’, ‘మా గుండెల్లో ఎప్పటికీ నిలిచి ఉంటారు’, ‘మీ జ్ఞాపకాలు మాతోనే ఉంటాయి’. ఆరోగ్యంగా ఉన్న మనిషి వీటిని లాంఛనం కింద తీసుకుని నవ్వి ఊరుకుంటారు. పెద్ద జబ్బుతో ఉన్న మనిషికి, తాను కూర్చుని ఉండగానే తన గురించి సంతాప తీర్మానం చదువుతున్నట్టు ఉంటుంది.

దీనికో పరీక్ష ఉంది. మీరు రాసింది పూర్తయ్యాక, పైన ‘వీడ్కోలు’ అన్న మాట తీసేసి ‘శ్రద్ధాంజలి’ అని ఉన్నట్టు ఊహించుకుని చదవండి. ఏ వాక్యమూ మార్చనక్కర్లేకుండా సరిపోతోందంటే తిరగరాయాల్సిందే. కటువైన పరీక్షే, ఒప్పుకుంటాను. కానీ ఇంతకన్నా నమ్మదగినది నాకు దొరకలేదు.

ఈ పరీక్షలో ఎక్కువగా దొరికిపోయేవి క్రియలు. ‘అందరినీ నవ్వుతూ పలకరించేవారు’, ‘ఎంత పనైనా ఓపిగ్గా చేసేవారు’, ‘ఎవరికి కష్టమొచ్చినా ముందుండేవారు’. ఈ ‘పలకరించేవారు, చేసేవారు, ఉండేవారు’ వరుస మనం మామూలుగా లేనివాళ్ల గురించి చెప్పుకునేటప్పుడు వాడేది. ఎదురుగా ఉన్న మనిషి గురించి వాడితే వాళ్లని గతంలోకి నెట్టేసినట్టవుతుంది. దీనికి విరుగుడు రెండు రకాలు. ఒకటి, ఎప్పుడూ చేసేవారు అనకుండా ఒక రోజు చేసిన ఒక పని చెప్పడం: ‘నేను చేరిన రోజు మీరే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు.’ రెండోది, ఇప్పటికీ సాగుతున్నదాన్ని చెప్పడం: ‘మీరు పెట్టిన వరుసలోనే ఇవాళ్టికీ ఫైళ్లు సర్దుతున్నాం.’ గుణం గురించి చెప్పాలనిపిస్తే వర్తమానంలోనే చెప్పండి: ‘ఎదుటివాళ్లు చెప్పేది మీరు ఆసాంతం వింటారు.’ ఉద్యోగం మానేసినంత మాత్రాన ఆ గుణం ఎక్కడికీ పోదు కదా.

మిగిలిన సర్వీసును లెక్కపెట్టే మాటలూ ఇలాంటివే. ‘ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉండగానే’, ‘అర్ధాంతరంగా’, ‘దురదృష్టవశాత్తూ’, ‘ఇంత తొందరగా’. కోల్పోయినదాన్ని వాళ్లే రోజూ లెక్కేసుకుంటూ ఉంటారు, మీరు గుర్తుచేయక్కర్లేదు. లెక్క చెప్పాలనుకుంటే గడిచినదాన్ని చెప్పండి: ‘పద్నాలుగేళ్లు ఒకే గదిలో పని చేశాం.’

ఇంకో రకం మాటలు పైకి పొగడ్తలాగే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ‘అలుపెరగని మనిషి’, ‘ఎప్పుడూ హుషారుగా’, ‘మీ వేగం మాలో ఎవరికీ లేదు’. ఇవన్నీ ఒంటి సత్తువను పొగిడేవి. నాలుగు మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తున్న మనిషికి వాటిలో మెప్పుకన్నా నిన్నటికీ ఇవాళ్టికీ ఉన్న తేడాయే ముందు కనిపిస్తుంది. పొగడాలనుకుంటే బుర్రనీ, నేర్పునీ, తీర్పునీ, మాట తీరునీ పొగడండి.

వాళ్ల పనిలోంచి ఒక్క సంగతి వెతికి పట్టుకోండి

ఇన్ని మాటలు తీసేశాక ఏం మిగులుతుంది అని భయపడక్కర్లేదు. మిమ్మల్ని మీరు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మనిషి దగ్గర నేర్చుకుని నేను ఇవాళ్టికీ చేస్తున్న పని ఏది? ‘ఆయన ఎలాంటి మనిషి’ అని ఆలోచిస్తే మంచివారు, సౌమ్యులు, సహాయశీలి అని అందరికీ సరిపోయే విశేషణాలే వస్తాయి. నేర్చుకున్న పని ఏదని ఆలోచిస్తే మాత్రం ఒక బల్ల, ఒక కాగితం, వాళ్లు ఆ రోజు అన్న ఒక మాట గుర్తుకొస్తాయి.

ఎంచుకునేది ఏ కాలం నాటి సంగతో కూడా చూసుకోండి. జబ్బు మొదలయ్యాక జరిగినవి, అంటే సెలవులూ, ఇంటి నుంచి చేసిన పనీ, తిరిగి వచ్చిన రోజూ వద్దు. ‘అంత బాధలోనూ ఆఫీసుకి వచ్చారు’ అన్నది చాలామందికి గొప్ప పొగడ్తలా తోస్తుంది. నిజానికి ఆ వాక్యంలో కథానాయకుడి స్థానం జబ్బుకి దక్కుతుంది. అంతకుముందు ఏళ్లలోంచి ఒకటి తీసుకోండి. పెద్ద విజయమే కానక్కర్లేదు. చిన్నదైతేనే నయం, ఎందుకంటే అది మీరు తప్ప వేరెవరూ రాయలేరు.

ఒక కార్డును మొదటి నుంచి చివరిదాకా చూద్దాం

జీతాల సెక్షన్‌లో చాలాకాలం పనిచేసిన ఒక సీనియర్ మేడమ్ వెళ్తున్నారనుకుందాం. రాస్తున్నది ఆమె దగ్గర పని నేర్చుకున్న జూనియర్. ఆమె అనారోగ్యం సంగతి ఆఫీసులో చాలామందికి తెలుసు, కానీ ఆమె దాని గురించి మాట్లాడరు. మొదటిసారి కలం పట్టగానే ఎవరికైనా ఇలాంటిదే వస్తుంది:

> గౌరవనీయులైన మేడమ్, మీరు ఇంత త్వరగా వెళ్లిపోతున్నారంటే నమ్మలేకపోతున్నాం. అనారోగ్యంతో బాధపడుతూ కూడా అలుపెరగకుండా పనిచేసిన మీ పట్టుదల మాకు స్ఫూర్తి. ఎప్పుడూ చిరునవ్వుతో పలకరించేవారు. మీరు లేని లోటు తీర్చలేనిది. ధైర్యంగా పోరాడి త్వరగా కోలుకోవాలని, మీ శేష జీవితం ఆయురారోగ్యాలతో గడవాలని కోరుకుంటున్నాం. ఏ అవసరమొచ్చినా మొహమాటపడకుండా చెప్పండి.

రాసిన మనిషికి ఆమె మీద ప్రేమ లేక కాదు. అయినా ఒక్కో వాక్యం ఏం చేస్తోందో చూడండి. మొదటిది మిగిలిన సర్వీసును లెక్కపెట్టింది. రెండోది ఆమె బయటికి చెప్పని విషయాన్ని కార్డు మీద పెట్టేసింది, పైగా ఒంటి సత్తువను పొగిడింది. మూడో వాక్యం క్రియ ఆమెను గతంలోకి పంపింది. నాలుగోది సంతాపం.

అయిదోది అన్నిటికంటే బరువైనది. ‘పోరాడండి’ అంటే ఆమెకు మీరో బాధ్యత అప్పజెప్పినట్టు. రేపు తగ్గకపోతే సరిగ్గా పోరాడలేదన్న అర్థం దాని వెనకే వస్తుంది. ‘త్వరగా కోలుకోండి’ అన్నది జ్వరమొచ్చి వారం సెలవు పెట్టినవాళ్లకి చెప్పే మాట. కోలుకునే జబ్బయితే ఉద్యోగం మానేదాన్నే కాదు కదా అని ఆమెకు అనిపించవచ్చు. ఇక చివరి వాక్యం సాయం చేస్తాననడంలా ఉన్నా, అడగాల్సిన భారం ఆమె మీదే పెట్టింది. మొహమాటపడొద్దన్నంత మాత్రాన ఎవరికీ మొహమాటం పోదు. వాళ్లు ఫోన్ చేయరు.

ఇప్పుడు పై ప్రశ్న వేసుకుంటే ఆ జూనియర్‌కి ఒక సంగతి గుర్తొచ్చింది. చేరిన కొత్తలో ఒక నెలాఖరున జీతాల లిస్టు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని సరిచూశారు. మేడమ్ లిస్టును మొదటి పేరు నుంచి మొదలుపెట్టలేదు. పెన్సిల్ తీసుకుని ఆ నెల కొత్తగా చేరినవాళ్ల పేర్ల పక్కన ముందు చిన్న గీతలు పెట్టి, వాటినే మొదట చూశారు. ఎందుకని అడిగితే ఒక మాట చెప్పారు. కార్డు అక్కడే మొదలవుతుంది:

> మేడమ్, నేను ఈ సెక్షన్‌కి వచ్చిన మొదటి నెల జీతాల లిస్టు మీ పక్కన కూర్చుని సరిచూశాను. మీరు పెన్సిల్‌తో ముందు కొత్తగా చేరినవాళ్ల పేర్లకు గీత పెట్టి, ‘మొదటి జీతం తప్పు పడకూడదమ్మా, వాళ్లు మనల్ని నమ్మేది దాంతోనే’ అన్నారు. ఇవాళ్టికీ నేను లిస్టు అక్కడినుంచే మొదలుపెడతాను. మొన్న మన సెక్షన్‌కి వచ్చిన అబ్బాయికీ అదే చూపించాను. ఈ పని మీ దగ్గర నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంటుంది. వచ్చే నెల జీతాలు అయిపోయాక ఫోన్ చేస్తాను, మాట్లాడాలనిపిస్తే మాట్లాడుకుందాం.

శ్రద్ధాంజలి పరీక్ష పెట్టి చూడండి. చివరి వాక్యమే దాన్ని సాగనివ్వదు. వచ్చే నెల ఫోన్ చేస్తానన్న మాట సంతాపంలో ఇమడదు. మూడో వాక్యం, నాలుగో వాక్యం ఆమె పని ఇంకా నడుస్తోందని చెబుతున్నాయి, ‘చిరస్మరణీయం’ అన్న మాట వాడకుండానే. ఆమె అన్న మాటను ఆమె నోటి తీరులోనే, ‘అమ్మా’తో సహా ఉంచడం వల్ల ఇది ఆమెకు రాసిన కార్డు అయింది, ఇంకెవరికీ ఇవ్వలేనిది అయింది. ‘మాట్లాడాలనిపిస్తే’ అన్న ఒక్క మాటలో ఓపిక లేని రోజు ఫోన్ ఎత్తకపోయినా ఫర్వాలేదన్న వెసులుబాటు ఉంది. ఆరోగ్యం గురించిన శ్రద్ధ కార్డులో అంతవరకే ఉంది, అది చాలు.

వాళ్లు అన్న మాట మీకు కచ్చితంగా గుర్తులేకపోతే కొటేషన్ గుర్తుల్లో పెట్టకండి. ‘కొత్తవాళ్ల పేర్లు ముందు చూడమని చెప్పారు’ అంటే సరిపోతుంది. అనని మాట అన్నట్టు రాస్తే వాళ్లకి వెంటనే తెలిసిపోతుంది, మిగతా కార్డు మీద కూడా నమ్మకం తగ్గుతుంది.

కారణం గురించి ఒక్క మాట అనాల్సి వస్తే

కొందరు తమ అనారోగ్యం గురించి దాపరికం లేకుండా మాట్లాడతారు. అలాంటివాళ్ల దగ్గర అసలేమీ జరగనట్టు నటించడం కూడా ఎబ్బెట్టుగానే ఉంటుంది. అప్పుడు ఒక వాక్యం రాయండి. మొదట్లో పెట్టొద్దు, చివర్లోనూ పెట్టొద్దు. మొదటి వాక్యం కార్డంతటికీ రంగు పులుముతుంది, చివరి వాక్యం మనసులో ఉండిపోతుంది. మధ్యలో ఇలా ఉంటే బాగుంటుంది:

> ఈ నిర్ణయం మీకు తేలిగ్గా వచ్చింది కాదని తెలుసు సర్. ఆ సంగతి మీరే మాకు స్వయంగా చెప్పినందుకు చాలా థాంక్స్.

ఇక్కడ జబ్బు కన్నా, వాళ్లు తీసుకున్న నిర్ణయమూ, మన మీద ఉంచిన నమ్మకమూ ముందుకొచ్చాయి. జబ్బు పేరు, ఆపరేషన్, ఆసుపత్రి, మందులు ఏవీ వద్దు. ‘మా బాబాయికీ ఇదే వచ్చింది, ఇప్పుడు బ్రహ్మాండంగా ఉన్నాడు’ లాంటి కథలూ, ఫలానా వైద్యం చేయించుకోండన్న సలహాలూ, ‘అంతా మన మంచికే’ అన్న ఓదార్పూ వద్దు. దేవుడి మాట వాళ్లు తమంతట తాము ఎత్తే మనిషైతే మీరూ ఎత్తొచ్చు, లేకపోతే వదిలేయండి.

వాళ్లకి నయమయ్యే అవకాశం లేదని మీకు తెలిసిన సందర్భం ఒకటుంటుంది. అప్పుడు ‘రాబోయే సంవత్సరాలు’, ‘మళ్లీ త్వరలో మా మధ్యకి’ అనకూడదు. దగ్గరి కాలం గురించే మాట్లాడండి, వచ్చే వారం, ఈ ఆదివారం అని. మీకు చెప్పాలనున్న కృతజ్ఞత మాత్రం దాచుకోకుండా పూర్తిగా చెప్పేయండి. దానికోసం వేరే సందర్భం వస్తుందని ఆగొద్దు.

చివరి వాక్యం దగ్గర జాగ్రత్త

మామూలు వీడ్కోలులో చివరి వాక్యం శుభాకాంక్ష. ‘ఇక ప్రపంచమంతా చుట్టి రండి’, ‘రేపటినుంచి అలారం బాధ లేదు, అదృష్టవంతులు’ లాంటివి ఇక్కడ కుదరవు. ఆ మనిషి అలారం పెట్టుకుని ఆఫీసుకి రావడానికి ఎంత ఇచ్చుకోమన్నా ఇచ్చుకునే స్థితిలో ఉండొచ్చు. ‘తరచూ ఆఫీసుకి వస్తూ ఉండండి’ అన్నది ఆప్యాయంగానే ఉన్నా వాళ్ల మీద ఒక పని పెడుతుంది.

శుభాకాంక్ష కచ్చితంగా కావాలంటే ‘ఇకమీదట మీ రోజులు మీకు వీలైనట్టు, మీకు ఇష్టమైనవాళ్ల మధ్య గడవాలి’ అన్నది ఎవరికైనా సరిపోతుంది. నేనైతే శుభాకాంక్ష కన్నా మీరు చేయబోయే చిన్న పని ఒకటి చెప్పమంటాను. అది చిన్నదిగా ఉండాలి, తేదీ ఉండాలి, వాళ్లు తిరిగి ఏమీ చేయనక్కర్లేకుండా ఉండాలి. ఫోన్ చేస్తాననడం, వాళ్లు మొదలుపెట్టిన పని పూర్తయ్యాక కబురు పంపుతాననడం, బల్ల సొరుగులోని పుస్తకాలు ఇంటికి తెచ్చిస్తాననడం ఇలాంటివే. చేయలేనిది మాత్రం రాయొద్దు. ప్రతి నెలా వస్తానని రాసి మూడో నెలకి మానేస్తే, అసలు రాయకపోయినా బాగుండేదనిపిస్తుంది.

మీకూ వాళ్లకీ ఉన్న చనువును బట్టి

చాలా దగ్గరి స్నేహితుడికి అందరూ చదివే కార్డు మీద కాకుండా విడిగా ఒక కాగితం మీద రాయండి. అక్కడ ఓపిక గురించి సూటిగా అన్నా ఫర్వాలేదు:

> ఒరేయ్, ఆడిట్ ముందు రోజు రాత్రి ఫైళ్లన్నీ నేలమీద పరిచి ‘ముందు పది నిమిషాలు భయపడదాం, తర్వాత పని చూద్దాం’ అన్నావు గుర్తుందా? నాకు చెయ్యీ కాలూ ఆడనప్పుడల్లా ఆ మాటే అనుకుంటాను. ఆదివారం పొద్దున్న వస్తా, ఓ గంట కూర్చుంటా. ఓపిక లేదంటే నీ పుస్తకాలు గుమ్మంలో ఇచ్చి వెళ్లిపోతా.

మీరు పై అధికారి అయితే ఇంకో జాగ్రత్త కావాలి. వాళ్ల సెలవుల గురించీ, ఆ సమయంలో పని ఎవరు చూశారన్నదాని గురించీ, వాళ్ల స్థానంలోకి ఎవరొస్తున్నారన్నదాని గురించీ ఒక్క ముక్క కూడా రాయకండి. సంస్థ వాళ్లని భరించిందన్న అర్థం ఎక్కడా రాకూడదు. ‘మీరు తయారుచేసిన పట్టికతోనే స్టోర్స్ లెక్కలు ఇప్పటికీ తేలుతున్నాయి. సంస్థ తరఫునా, నా తరఫునా మీకు కృతజ్ఞతలు’ అంటే అందులో గౌరవమూ ఉంది, నిజమూ ఉంది.

పరిచయం పెద్దగా లేనివాళ్లు కష్టపడి అయిదు వాక్యాలు రాయక్కర్లేదు. ‘సర్, మనం ఎక్కువ మాట్లాడుకోలేదు. కానీ మీ సెక్షన్ నుంచి వచ్చిన కాగితం ఏదీ మేం వెనక్కి పంపాల్సిన అవసరం రాలేదు. థాంక్యూ సర్.’ ఇలాంటి రెండు మాటలు చదివి వాళ్లు ఎంత సంతోషిస్తారో చెప్పలేను. తమ పనిని దూరం నుంచి కూడా ఎవరో గమనించారని వాళ్లకి అప్పుడు తెలుస్తుంది.

అందరూ సంతకం పెట్టే కార్డు, ఆఫీసు మెయిల్

ఒకే కార్డు చేతులు మారుతూ తిరిగేటప్పుడు తరువాతివాళ్లు ముందువాళ్లు రాసింది చూసే రాస్తారు. మొదటి మనిషి ‘త్వరగా కోలుకోండి’ అని రాశారంటే కింద మరో పదిమంది అదే రాస్తారు, కార్డు కాస్తా ఆసుపత్రి మంచం పక్కన పెట్టేదిగా తయారవుతుంది. కాబట్టి మొదటి రెండు మూడు రాతలు పని గురించి ఉండేట్టు చూడండి. బాగా రాయగలిగినవాళ్ల చేతికి ముందు ఇవ్వండి. కార్డుతో పాటు ఒక చిన్న చీటీ పెట్టండి: ‘మేడమ్‌తో కలిసి చేసిన ఒక పని గురించి రాయండి. ఆరోగ్యం సంగతి వద్దని వారి కోరిక.’ ఇది వాళ్లు నిజంగా కోరి ఉంటేనే రాయాలి. లేకపోతే మొదటి వాక్యం ఒక్కటే చాలు.

మెయిల్‌లో కారణం చెప్పాల్సిన అవసరమే లేదు. ‘అనారోగ్య కారణాల వల్ల’ అంటే వాళ్ల సంగతి మీరు ప్రకటించినట్టు. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అంటే గుసగుసలు మొదలవుతాయి, ఏదో గొడవ జరిగిందేమో అని. రెండూ వదిలేసి, ‘జీతాల సెక్షన్‌లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న మేడమ్ గారు ఈ నెల 30న పదవీ విరమణ చేస్తున్నారు’ అని పేరుతో మొదలుపెట్టి, వెంటనే వాళ్లు చేసిన ఒక ముఖ్యమైన పని చెప్పి, కలిసే సమయం, స్థలం రాసి ముగించండి.

సభలో మాట్లాడాల్సి వస్తే

రెండు మూడు నిమిషాలకు మించొద్దు. మీకు చెప్పడానికి చాలా ఉన్నా సరే, అంతసేపు అందరి చూపులూ భరిస్తూ కూర్చోవడం వాళ్లకి అలసట. నలుగురు మాట్లాడితే ఎంతసేపవుతుందో ముందే లెక్కేసుకుని ఇద్దరికి తగ్గించండి. సభికుల వైపు తిరిగి ‘ఆయన’, ‘ఆవిడ’ అని మాట్లాడకుండా, వాళ్ల వైపు తిరిగి ‘మీరు’ అని మాట్లాడండి. ఈ ఒక్క మార్పుతో ఉపన్యాసం మాటామంతీ అవుతుంది, సంతాప సభ ఛాయలు పోతాయి.

గొంతు పూడుకుపోయే వాక్యం ఏదో ఇంట్లో ఒకసారి పైకి చదువుకుంటే తెలిసిపోతుంది. దాన్ని చివర్లో పెట్టకుండా మధ్యలోకి జరపండి. తర్వాత చెప్పేది ఏదైనా తేలికైన సంగతి, కలిసి నవ్వుకున్నది అయితే మీరూ తేరుకుంటారు, వాళ్లూ తేరుకుంటారు. అయినా కళ్లనీళ్లు వస్తే రానివ్వండి. ఆగి, మంచినీళ్లు తాగి, కాగితంలో ఉన్నది చదవండి. అప్పటికప్పుడు కొత్త మాటలు కలపబోతేనే ‘దేవుడెందుకిలా చేశాడో’ లాంటివి నోటికొస్తాయి.

చివర్లో ‘ఇప్పుడు మేడమ్ గారు రెండు మాటలు మాట్లాడతారు’ అని హఠాత్తుగా మైకు ఇచ్చేయడం చాలాచోట్ల అలవాటు. ముందురోజే అడగండి, మాట్లాడతారా, కూర్చునే మాట్లాడతారా, వద్దంటారా అని. వద్దంటే ఆ ప్రస్తావన లేకుండా, ‘మేడమ్‌ని ఒక్కొక్కరుగా కలుద్దాం’ అని సభ ముగించేయొచ్చు.

వారం పదిరోజుల తర్వాత

వీడ్కోలు రోజున వచ్చినన్ని మాటలు మర్నాటినుంచి రావు. ఆఫీసు తన పనిలో పడిపోతుంది. మీరు కార్డులో ఫలానా రోజు ఫోన్ చేస్తానని రాసి ఉంటే ఆ రోజే చేయండి. అంతకుముందు ఒక మెసేజ్ పంపాలనిపిస్తే ‘ఎలా ఉంది ఆరోగ్యం?’ అని మొదలుపెట్టకండి. ఆ ప్రశ్న వాళ్లకి రోజూ చాలామంది నుంచి వస్తూ ఉంటుంది, ప్రతిసారీ జవాబు చెప్పడం ఒక పని. ఇలా పంపి చూడండి:

> మేడమ్, ఈ నెల లిస్టులో కొత్తవాళ్లు నలుగురు. నలుగురి పేర్లకూ ముందే గీత పెట్టేశాం. జవాబివ్వాలని ఏం లేదు, మీకు చెప్పాలనిపించి పంపాను.